పెన్షన్ లేని అరవై లక్షలు ఎన్నేండ్లు వస్తాయి? పైసలు తీసే నాలుగు పద్ధతుల పోలిక

ప్రైవేటు కొలువు చేసి రిటైరైనవారికి, దుకాణం ఎత్తేసినవారికి చేతికి ఒకేసారి కొంత మొత్తం వస్తుంది. నెలనెలా వచ్చే పెన్షన్ మాత్రం ఉండదు. ఆ మొత్తంలోంచి నెలకు ఎంత తీస్తే బతికినన్నాళ్లూ సరిపోతుందన్నదే ఇక్కడి ప్రశ్న. జవాబుగా చెలామణిలో ఉన్న పద్ధతులు నాలుగు. అదే మొత్తానికి ఒకటి నెలకు 35 వేలు తీసుకోమంటుంది, ఇంకొకటి 17 వేల దగ్గర ఆగమంటుంది. ఇంత తేడా ఎందుకో తెలియకుండా ఏదో ఒకటి పట్టుకుంటే దాని ఫలితం ఇరవై ఏండ్ల తర్వాత గానీ బయటపడదు.

పోలిక కోసం ఒకే ఉదాహరణ పట్టుకుందాం. హన్మకొండలో సొంత ఇల్లున్న జంట. భర్తకు 60, భార్యకు 55. దవాఖాన ఖర్చులకు పక్కన పెట్టింది పోగా 60 లక్షలు ఉన్నాయి. నెలకు 16 వేలు లేనిదే ఇల్లు గడవదు. పండుగలు, పెండ్లిళ్లు, మనవలకు పెట్టుడు, ఊరికి పోయిరావడం కలుపుకుంటే 25 వేలు కావాలి. ఇద్దరికీ పెన్షన్ లేదు, బీమా కంపెనీకి ఒకేసారి మొత్తం కట్టి బతికినన్నాళ్లూ నెలనెలా తీసుకునే యాన్యుటీ కూడా కొనలేదు.

## ముందు తేల్చుకోవాల్సినవి

ఎన్నేండ్లకు లెక్క కట్టాలి? దేశంలో 60 ఏండ్లకు చేరిన వ్యక్తికి మిగిలి ఉండే సగటు ఆయుష్షు సుమారు 18 ఏండ్లు. చాలామంది ఈ సంఖ్యనే పట్టుకుని 78 దాకా ఉంటే చాలనుకుంటారు. కానీ సగటు అంటేనే చాలామంది దాన్ని దాటిపోతారని అర్థం. పైగా ఇక్కడ ఉన్నది ఒక్కరు కాదు, ఇద్దరు. ఇద్దరిలో చివరిదాకా ఉండేవారి వయసునే చూడాలి. మన ఇండ్లలో భార్య చిన్నది, ఆడవారి ఆయుష్షు కూడా సగటున కాస్త ఎక్కువే. కాబట్టి ఆమెకు 90 వచ్చేదాకా, అంటే 35 ఏండ్లకు లెక్క వేయాలి. భర్త వయసుతో లెక్క వేసి, భార్య చివరి పదేండ్లను పిల్లల మీద వదిలేయడం ఈ విషయంలో అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు.

ధరలు పోను మిగిలే రాబడి ఎంత? డిపాజిట్ మీద 7 శాతం మిత్తి వస్తూ, ధరలు 6 శాతం పెరుగుతుంటే మీకు నిజంగా మిగిలేది 1 శాతమే. ఎంతకాలం వస్తాయన్నది ఈ 1 శాతం మీదే ఆధారపడి ఉంటుంది, 7 మీద కాదు. రిజర్వు బ్యాంకు లక్ష్యం 4 శాతమే కదా అనొచ్చు. ఆ లక్ష్యానికే అటూ ఇటూ 2 శాతం సడలింపు ఉంది. పెద్దవాళ్ల ఖర్చులో మందులు, పనిమనిషి జీతం లాంటివి ఎక్కువ కాబట్టి 6 పెట్టుకోవడమే నయం.

ఖర్చు తగ్గించుకునే వీలు ఎంత? మన జంటకు 25 వేలకూ 16 వేలకూ మధ్య తొమ్మిది వేల జాగా ఉంది. కొందరికి ఆ జాగా అసలే ఉండదు. పద్ధతి ఎంచుకోవడంలో మొత్తం ఎంత ఉందన్నదానికన్నా ఈ జాగాకే బరువెక్కువ.

ఈ మూడింటినీ కలిపితే వచ్చే పట్టిక కింద ఉంది. మొదటి ఏడాది మొత్తంలో ఇంత శాతం తీసి, తర్వాత ఏటా ధరలు పెరిగినంత పెంచుకుంటూ పోతే ఎన్నేండ్లు వస్తాయో ఇది చెబుతుంది. ఏడాది మొదట్లోనే ఆ ఏటి పైసలు తీసినట్టు లెక్క. సంఖ్యలను దగ్గరి ఏడాదికి సరిచేశాం.

| మొదటి ఏడాది తీసే శాతం | ధరల కన్నా రాబడి 1% తక్కువైతే | ధరలతో సమానమైతే | 1% ఎక్కువైతే | 2% ఎక్కువైతే |
|---|---|---|---|---|
| 3% (60 లక్షలపై నెలకు 15,000) | 29 ఏండ్లు | 33 | 40 | 54 |
| 4% (20,000) | 22 | 25 | 29 | 34 |
| 5% (25,000) | 18 | 20 | 22 | 25 |
| 6% (30,000) | 15 | 17 | 18 | 20 |

మన జంట కోరుకునే 25 వేలు మూడో వరుసలో ఉన్నాయి. బ్యాంకు డిపాజిట్లే నమ్ముకుంటే 22 ఏండ్లు. అప్పటికి ఆమె వయసు 77.

ఇంకోటి గమనించండి. కింది వరుసల్లో రాబడి మారినా ఏండ్లు పెద్దగా మారవు. 6 శాతం తీసేవారికి రాబడి 1 నుంచి 2కి పెరిగితే కలిసొచ్చేది రెండేండ్లే. 3 శాతం తీసేవారికి 13 ఏండ్లకు పైగా కలిసొస్తాయి. ఎక్కువ తీసేవారి పైసలు రాబడి పనిచేసేలోపే కరిగిపోతాయి. కాబట్టి ఖర్చు ఎక్కువగా ఉన్నవారు ఎక్కువ మిత్తి కోసం వెతికి లాభం లేదు. ఖర్చునో ఆదాయాన్నో మార్చుకోవాల్సిందే.

## మొదటి పద్ధతి: అసలు ముట్టకుండా మిత్తితో బతకడం

మన దగ్గర ఎక్కువమంది చేసేది ఇదే. 60 లక్షలు డిపాజిట్లలో వేస్తే 7 శాతం చొప్పున ఏడాదికి 4.2 లక్షలు, నెలకు 35 వేలు. కావాల్సింది 25 వేలే కదా, పైన పదివేలు మిగులు కూడా. అసలు అట్లనే ఉంటుంది కాబట్టి భయమే లేదనిపిస్తుంది.

ఈ లెక్కలో ఒక చిక్కుంది. ధరలు 6 శాతం పెరిగినప్పుడు 60 లక్షల విలువ ఏడాదిలో దాదాపు 3.6 లక్షలు తగ్గుతుంది. వచ్చిన 4.2 లక్షల మిత్తిలో 3.6 లక్షలు ఆ తరుగును పూడ్చడానికే సరి. నిజమైన రాబడి 60 వేలు, అంటే నెలకు 5 వేలు. మిగతా 30 వేలు అసలులోంచి తీస్తున్నవే, పాస్‌బుక్కులో అట్లా కనిపించదంతే.

మిత్తి మొత్తం వాడేస్తే 12 ఏండ్లకు ఆ 35 వేలు ఈనాటి 17,400కు సమానం. 20 ఏండ్లకు 10,900. చివర్లో పిల్లలకు 60 లక్షలు మిగులుతాయి, కానీ వాటి విలువ ఈనాటి ఎనిమిది లక్షలంత. డబ్బు అయిపోదు గానీ బతుకు ఏటా కుంచించుకుపోతుంది. ఇది నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి కారణం పట్టుకోలేక, ఖర్చులే పెరిగిపోయాయని అనుకుంటారు.

రేట్ల సమస్య వేరే. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో ఒకరు 30 లక్షల దాకా పెట్టొచ్చు, మూడు నెలలకోసారి మిత్తి వస్తుంది, ఐదేండ్లపాటు రేటు మారదు. 2025లో అది 8.2 శాతం. మంచి పథకమే. కానీ ఐదేండ్లు నిండి మళ్లీ వేసేనాటికి రేటు ఎంతుంటుందో మన చేతుల్లో లేదు. 2020 మార్చి దాకా 8.6గా ఉన్న రేటు ఏప్రిల్‌లో 7.4కు పడింది. 30 లక్షల మీద అది నెలకు 3 వేల కోత. మన జంటలో భార్యకు 55 కాబట్టి, ఆమె సొంతంగా రిటైరైన ఉద్యోగి కాకపోతే, 60 నిండేదాకా ఆమె పేరిట ఈ ఖాతా తెరవడం కుదరదు. జాయింట్‌గా చేర్చినా పరిమితి మొదటి వ్యక్తి పేరు మీదే లెక్క.

ఇది ఎవరికి పనికొస్తుంది? 80 దాటి, ముందున్న కాలం తక్కువై, పిల్లలకు అసలు మిగల్చాలనుకునేవారికి. లేదంటే ఖర్చు మిత్తిలో సగమే ఉండి, మిగతా సగాన్ని మళ్లీ డిపాజిట్‌లో కలిపేవారికి. 60 ఏండ్లకే మిత్తి మొత్తం తినడం మొదలుపెట్టేవారికి పనికిరాదు.

ఇక్కడే నూటికి రెండు రూపాయల మిత్తి సంగతి కూడా చెప్పాలి. తెలిసినవారికి ప్రాంసరీ నోటు మీద ఇస్తే ఏడాదికి 24 శాతం. వరంగల్, కరీంనగర్, మంచిర్యాల వైపు రిటైరైనవారు చాలామంది ఇట్లా ఇస్తుంటారు. మన జంట 60 లక్షల్లో 10 లక్షలు ఇచ్చి అది మునిగిందనుకోండి. మిగిలిన 50 లక్షల్లోంచి అదే 25 వేలు తీస్తే శాతం 5 నుంచి 6కు ఎక్కుతుంది, 22 ఏండ్లు 18 అవుతాయి. నోటుకు మూడేండ్ల గడువు ఉంటుంది, దాటితే కోర్టుకు పోయినా నిలవదు. ముప్పైలో ఉన్నవాడు మునిగితే మళ్లీ సంపాదించుకుంటాడు. ఈ వయసులో ఆ దారి లేదు.

## రెండో పద్ధతి: నాలుగు శాతంతో మొదలుపెట్టి ధరలతోపాటు పెంచడం

యూట్యూబులో వినబడే నాలుగు శాతం సూత్రం ఇదే. 60 లక్షల్లో 4 శాతం, అంటే 2.4 లక్షలు, నెలకు 20 వేలు. మరుసటి ఏడాది ధరలు 6 శాతం పెరిగితే 21,200. ఉన్నది ఎంత పెరిగిందీ తరిగిందీ చూడరు. ఆదాయం ఏటా అదే కొనుగోలు శక్తితో వస్తుంది, ఇంటి ఖర్చు నడపడానికి ఇంతకన్నా సుఖమైనది లేదు.

ఆ నాలుగు ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే మనకు సరిపోతుందో లేదో తేలుతుంది. 1994లో విలియం బెంగెన్ అనే అమెరికా ఫైనాన్షియల్ ప్లానర్ 1926 నుంచి ఉన్న అమెరికా మార్కెట్ లెక్కలు తీశాడు. ప్రతి ఏడాదీ ఒకరు రిటైరైనట్టు ఊహించి, ఎంత శాతంతో మొదలుపెడితే అత్యంత చెడ్డ కాలంలో కూడా 30 ఏండ్లు వస్తాయో చూశాడు. అందులో సగం లేదా అంతకన్నా ఎక్కువ షేర్లు, మిగతాది ప్రభుత్వ బాండ్లు. తేలింది దాదాపు 4 శాతం. 1998లో ట్రినిటీ యూనివర్సిటీకి చెందిన ముగ్గురు ప్రొఫెసర్లు చేసిన అధ్యయనంతో ఇది బాగా ప్రచారమైంది.

అందులో మూడు షరతులున్నాయి. అమెరికా షేర్ల చరిత్ర, కనీసం సగం షేర్లు, 30 ఏండ్లు. మన జంటకు కావాల్సింది 35 ఏండ్లు, ఉన్నవన్నీ డిపాజిట్లే. పట్టిక ప్రకారం 1 శాతం మిగులుతో 4 శాతం తీస్తే 29 ఏండ్లు. ఆమెకు 84 వచ్చేసరికి ఖాళీ. 35 ఏండ్లు రావాలంటే డిపాజిట్లతో 3.4 శాతం, అంటే నెలకు 16,800. కొంత షేర్ల ఫండ్లు కలిపి ధరల కన్నా 2 శాతం ఎక్కువ వస్తుందనుకుంటే 3.9 శాతం, 19,600.

షేర్లు కలిపితే రాబడితోపాటు వరుస అనే కొత్త సమస్య వస్తుంది. తేడా తెలియడానికి మొత్తం 60 లక్షలూ షేర్లలోనే ఉన్నాయనుకుందాం. మొదటి ఏడాది 3 లక్షలు తీసి, ఏటా 6 శాతం పెంచుతారు. మూడేండ్ల రాబడులు: ఒకసారి 30 శాతం నష్టం, ఒకసారి 10 శాతం లాభం, ఒకసారి 40 శాతం లాభం. నష్టం మొదట వస్తే మూడేండ్ల చివర 51.8 లక్షలు మిగులుతాయి. 40 శాతం లాభం మొదట వచ్చి నష్టం చివర వస్తే 56.6 లక్షలు. అవే రాబడులు, అవే ఖర్చులు, తేడా దాదాపు ఐదు లక్షలు. మార్కెట్ పడ్డప్పుడు ఖర్చు కోసం యూనిట్లు ఎక్కువ అమ్మాలి, అమ్మినవి మళ్లీ పెరిగేటప్పుడు మీ దగ్గర ఉండవు. 2008లో సెన్సెక్స్ ఒక్క ఏడాదిలో సగానికి పైగా పడింది. ఆ జనవరిలో రిటైరైనవారికీ, తర్వాతి జనవరిలో రిటైరైనవారికీ ఒకే సూత్రం ఒకేలా పనిచేయదు.

డిపాజిట్లవారికి ఈ బాధ లేదనుకోవద్దు. వారికి దెబ్బ ధరల వైపు నుంచి పడుతుంది. 2009 నుంచి 2013 దాకా దేశంలో ధరలు ఏటా సుమారు 9 నుంచి 12 శాతం పెరిగాయి. మొదటి ఐదేండ్లు 10 శాతం చొప్పున పెరిగితే 20 వేల ఖర్చు 32,200 అవుతుంది, 6 శాతమైతే 26,800 అయ్యేది. తర్వాత ధరలు నెమ్మదించినా ఆ ఎక్కువైన మెట్టు కిందికి దిగదు, మిగిలిన ముప్పై ఏండ్లూ దాని మీదే లెక్క. బెంగెన్ లెక్కల్లో కూడా బాగా నష్టపోయినవారు 1960ల చివర్లో రిటైరై 1970ల ధరల పెరుగుదలలో చిక్కినవారే.

ఖర్చు తగ్గించుకునే జాగా లేనివారికి ఈ పద్ధతి నప్పుతుంది, కానీ 4తో కాదు. 35 ఏండ్లకు 3.4 దాటొద్దు, 30 ఏండ్లకు 3.8.

## మూడో పద్ధతి: ఏటా ఉన్నదాంట్లో ఇంత శాతం

దీని గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. ప్రతి ఏప్రిల్‌లో ఉన్న మొత్తంలో, ఉదాహరణకు, 4.5 శాతం తీస్తారు. మొదటి ఏడాది నెలకు 22,500. ఉన్నదాంట్లోంచే తీస్తారు కాబట్టి ఎన్నటికీ సున్నా కాదు.

సున్నా కాకపోవడం వేరు, సరిపోవడం వేరు. 7 శాతం రాబడి, 6 శాతం ధరలతో నడిస్తే 21వ ఏట వచ్చేది ఈనాటి ధరల్లో 10,800. మొదటి పద్ధతితో పోలిస్తే పెద్ద తేడా లేదు. పైగా షేర్లుంటే ఒక్క ఏడాదిలోనే ఆదాయం మూడో వంతు పడిపోవచ్చు. ఖర్చుకు వేరే ఆధారం ఉండి, ఇది పైపై ఖర్చులకు మాత్రమే వాడేవారు పెట్టుకోవచ్చు. ఇల్లు దీనిమీదే నడవాలంటే వద్దు.

## నాలుగో పద్ధతి: మిగిలిన ఏండ్లకు పంచి తీయడం

ఏటా రెండు సంఖ్యలు చూడాలి. ఉన్నది ఎంత, ఇంకా ఎన్నేండ్లు రావాలి. ఎక్సెల్ లేదా గూగుల్ షీట్స్‌లో ఒక్క వరుస చాలు:

```
=PMT(1%, 35, -6000000, 0, 1)
```

1 శాతం అంటే ధరలు పోను మిగిలే రాబడి, 35 అంటే మిగిలిన ఏండ్లు, తర్వాతది ఉన్న మొత్తం, చివరి 1 అంటే ఏడాది మొదట్లో తీస్తున్నామని. జవాబు 2.02 లక్షలు, నెలకు సుమారు 16,800. చాలామంది మొదటి గడిలో 7 శాతం పెట్టేసి నాలుగు లక్షలకు పైగా చూసి సంబరపడతారు. అట్లా పెడితే ఏటా పెంచుకోని, 35 ఏండ్లూ ఒకేలా ఉండే మొత్తం వస్తుంది. అంటే మళ్లీ మొదటి పద్ధతి గుంతలోనే పడ్డట్టు.

రెండో ఏడాది 57.98 లక్షలు 7 శాతంతో 62.04 లక్షలు అవుతాయి. 35 బదులు 34 పెట్టి కొత్త మొత్తంతో లెక్క వేస్తే 2.14 లక్షలు, నెలకు 17,800. ధరలు 6 శాతం పెరిగితే సరిగ్గా సరిపోతుంది. ఆ ఏడాది ధరలు 9 శాతం పెరిగి ఉంటే మీకు కావాల్సింది 18,350, అంటే దాదాపు 500 రూపాయలు తక్కువ. రెండో పద్ధతిలో ఈ 500 తీసేస్తారు, ఆ లోటు చివర్లో ఏండ్ల రూపంలో బయటపడుతుంది. ఇక్కడ మాత్రం ఇప్పుడే, చిన్న కోతగా తెలుస్తుంది.

షేర్లు కలిపినప్పుడు చూద్దాం. ఖర్చు డిపాజిట్ల వైపు నుంచి తీసి, 18 లక్షలు సెన్సెక్స్ లాంటి సూచీలోని షేర్లనే కొనే ఇండెక్స్ ఫండ్లలో ఉంచారు. ఆ ఏడాదే మార్కెట్ 40 శాతం పడి 18 లక్షలు 10.8 అయ్యాయి. డిపాజిట్ల 39.98 లక్షలు 42.78 అయ్యాయి. మొత్తం 53.58 లక్షలు. కొత్త లెక్క నెలకు 15,400. మార్కెట్ 40 శాతం పడితే ఇంట్లోకి వచ్చేది 1,400 తగ్గింది. ఇది తట్టుకోగల దెబ్బే. కానీ మన జంటకు ఇల్లు గడవడానికి కావాల్సిన 16 వేల కన్నా అది కిందికి పోయింది. అందుకే ఈ పద్ధతికి పోయేవారు రెండు మూడేండ్ల కనీస ఖర్చును షేర్లకు దూరంగా డిపాజిట్లలో ఉంచుకోవడమే కాదు, కనీస ఖర్చుకూ మొదటి ఏడాది లెక్కకూ మధ్య పదో వంతు అయినా ఎడం ఉండేలా చూసుకోవాలి.

ఇందులో ఉన్న గట్టి లోపం చివర్లో కనిపిస్తుంది. ఆమెకు 87 వచ్చేసరికి సూత్రం ఇంకా మూడేండ్లే అంటుంది, మూడో వంతు తీసుకోమంటుంది. ఆమె ఆరోగ్యంగా ఉంటే అది ప్రమాదం. దీనికి విరుగుడుగా, ఆమెకు 80 దాటాక మిగిలిన ఏండ్లను పది కన్నా తగ్గించొద్దు. ఆదాయం కొంచెం కొంచెం తగ్గుతుంది గానీ ఖాళీ కాదు. ఆ వయసులో ఒక భాగంతో యాన్యుటీ కొనాలా అన్న ప్రశ్న కూడా వస్తుంది. వయసు ఎక్కువైనకొద్దీ యాన్యుటీ రేటు పెరుగుతుంది, మిగిలిన ఏండ్లు తక్కువ కాబట్టి ధరల దెబ్బ కూడా తక్కువ. 60లో కొనడం కన్నా అప్పుడు ఆలోచించడానికే అర్థం ఉంది.

## పక్కపక్కన పెడితే

అన్నీ ఈనాటి ధరల్లో, నెలకు. రాబడి 7 శాతం, ధరలు 6 శాతం.

| పద్ధతి | మొదటి ఏడాది | 21వ ఏట | 35వ ఏట | ఎక్కడ దెబ్బతింటుంది |
|---|---|---|---|---|
| మిత్తి మాత్రమే | 35,000 | 10,900 | 4,800 | ధరలు, రేట్ల కోత |
| 4%తో మొదలు, ధరలతో పెంపు | 20,000 | 20,000 | 0 (29వ ఏట ఖాళీ) | మొదటి పదేండ్ల చెడ్డ కాలం |
| ఉన్నదాంట్లో 4.5% | 22,500 | 10,800 | 6,500 | నెలసరి ఖర్చుకు ఆధారం కాదు |
| మిగిలిన ఏండ్లకు పంపకం | 16,800 | 16,600 | 16,500 | మొదట్లో తక్కువ, ఏటా మారుతుంది |

మా ఓటు నాలుగోదానికి. ఏటా లెక్క వేసే ఓపిక, పదో వంతు కోతను తట్టుకునే జాగా ఉన్నవారికి అంతకన్నా మంచిది లేదు. జాగా లేనివారు రెండోదాన్ని 3.4 దగ్గర పట్టుకోవాలి. అయితే రెండూ మన జంటకు 25 వేలు ఇవ్వడం లేదు. పద్ధతి మార్చి ఆ ఎనిమిది వేలు పుట్టించలేం.

## లోటు ఎక్కడ పూడుతుంది

పై అంతస్తు పోర్షన్ కిరాయికి ఇస్తే నెలకు 6 వేలు వస్తుందనుకుందాం. ఖాళీ నెలలు, సున్నం, మోటారు రిపేర్లు పోను పది నెలలకే లెక్క వేస్తే ఏడాదికి 60 వేలు. కిరాయి గొప్పతనం అది ధరలతోపాటు పెరగడం. డిపాజిట్లలోంచి ఏటా పెరిగే 60 వేలు 35 ఏండ్లు రావాలంటే 17.8 లక్షలు కావాలి. పోర్షన్ బాగుచేయడానికి రెండు మూడు లక్షలు పెట్టినా దండగ కాదు.

భర్త మొదటి రెండేండ్లు రైస్ మిల్లులోనో దుకాణంలోనో లెక్కలు రాసి 15 వేలు తెచ్చుకుంటే ఇంకా మారుతుంది. కిరాయి 5 వేలు, సంపాదన 15 వేలు పోను 60 లక్షల్లోంచి తీసేది నెలకు 5 వేలే. రెండేండ్ల తర్వాత ఆ మొత్తం విలువ దాదాపు చెక్కుచెదరదు, రావాల్సిన ఏండ్లు 33 అవుతాయి. అప్పుడు నాలుగో పద్ధతిలో ఈనాటి ధరల్లో 17,700, కిరాయి కలిపి 22,700. కోరుకున్న 25 వేలకు 2,300 తక్కువ.

మడికొండలోనో హసన్‌పర్తిలోనో ఉన్న ప్లాటుతో ఆ 2,300 పూడుతుందా? పూడుతుంది, కానీ ప్లాటు నెలనెలా తీయగలిగే ఆస్తి కాదు. అవసరం మీద పడ్డాక అమ్మితే చెప్పిన ధరకు ఇవ్వాల్సి వస్తుంది. కాబట్టి అది పిల్లలకా, మీ ఖర్చుకా అన్నది 60లోనే తేల్చుకోండి. ఖర్చుకే అయితే 70 లోపు, కొనేవాళ్లు ఉన్నప్పుడు అమ్మి మొత్తంలో కలపండి. తేల్చకుండా రెండు లెక్కల్లోనూ దాన్ని వేసుకుంటే ఎవరికీ మిగలదు.

దవాఖాన పైసలను ఈ 60 లక్షల్లో కలపొద్దని ముందే అన్నాం. 70 దాటినవారికి ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి ఐదు లక్షల దాకా వైద్యం 2024 నుంచి ఉంది. మన ఉదాహరణలో ఆమెకు అది 15 ఏండ్ల తర్వాత మాట.

## దారి తప్పుతున్నట్టు ఎప్పుడు తెలుస్తుంది

ఏ పద్ధతిలో ఉన్నా ప్రతి ఏప్రిల్‌లో ఒక్క భాగహారం చేయండి: ఈ ఏడాది తీయబోయే మొత్తాన్ని చేతిలో ఉన్న మొత్తంతో భాగించి శాతం చూడండి. డిపాజిట్లలో ఉన్నవారికి హద్దులు ఇవి.

| ఇంకా రావాల్సిన ఏండ్లు | తీయగలిగే గరిష్ఠ శాతం |
|---|---|
| 35 | 3.4 |
| 30 | 3.8 |
| 25 | 4.5 |
| 20 | 5.5 |
| 15 | 7.1 |
| 10 | 10.5 |

ఒక ఏడాది హద్దు కొంచెం దాటితే కంగారు అక్కర్లేదు, మరుసటి ఏడాది పెంపు ఆపితే సర్దుకుంటుంది. వరుసగా రెండేండ్లు దాటితే ఖర్చు కోయాలి. కోతకు వీలు లేదంటే పోర్షన్, ప్లాటు లాంటివాటి వైపు చూడాల్సిన ఏడాది అదే. పదేండ్లు ఆగితే ఆ నిర్ణయానికి ఇంకా ఎక్కువ ఖర్చవుతుంది. భర్త పోయాక ఖర్చు సగానికి పడుతుందని కూడా లెక్కలో వేయకండి. కరెంటు, ఇంటి పన్ను, పనిమనిషి జీతం ఒక్కరున్నా అంతే ఉంటాయి. మూడో వంతు తగ్గితే గొప్ప. ఈ భాగహారం భార్యకు కూడా చేయడం వచ్చి ఉండాలి, ఎందుకంటే చివరి పదిహేను సార్లు బహుశా ఆమే చేయాల్సి వస్తుంది.